కాల్ వచ్చిందంట

'కాల్' అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం ఆ మాట మీద కాదు, నా మీద. తెలియని మాటకు నాకు నేనే ఒక అర్థం చెప్పుకుని, దాన్ని ఊరంతా మోసుకు తిరిగిన పెద్దమనిషిని నేనే మరి.

అరవైల మొదట్లో నేను విడవలూరు పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా ఉండేవాణ్ణి. ఒక గది, ఒక కౌంటరు, ఒక త్రాసు, ఒక పోస్టుమాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. సముద్రం గాలికి తుప్పు పట్టిన సైకిలు మీద పల్లెపల్లెకూ తిరిగి ఉత్తరాలు పంచేవాడు. ఊరికి వచ్చే ప్రతి కవరూ నా చేతి మీదుగా పోతుంది గనక, ఊళ్ళో సంగతులన్నీ నాకే తెలుసని నాకు గొప్ప నమ్మకం. కవరు పైన ఉన్నది చదివినవాడికి లోపలున్నది తెలియదనే చిన్న విషయం అప్పట్లో నా బుర్రకు ఎక్కలేదు.

ఒకరోజు మా చిన్నాయనకు మద్రాసు నుంచి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఊళ్ళో ధాన్యం కమీషను వ్యాపారం చేసేవాడు. తెల్ల పంచె, చేతికి గడియారం, నెలకోసారి మద్రాసు ప్రయాణం. ఆయన నడిచి వస్తుంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఆ రోజు కౌంటరు దగ్గరే నిలబడి కవరు చించి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. చాలాసేపు చదివాడు.

"ఏంది చిన్నాయనా, ఏమన్నా విశేషమా?" అన్నాను.

"ఏముండాదబ్బాయ్, ఆ ఇంజన్ల కంపెనీ నుంచి కాల్ వచ్చింది" అని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కాల్! ఉద్యోగానికి రమ్మని పిలిచే కాల్ లెటర్ కోసం చదువుకున్న కుర్రాళ్ళు రోజూ నా కౌంటరు ముందు పడిగాపులు పడేవాళ్ళు. వచ్చినవాడు ఇంటికి పరుగు, రానివాడి ముఖాన కళ ఉండేది కాదు. ఇక చిన్నాయన వయసులో కాల్ వచ్చిందంటే గుమాస్తా పనికి పిలుస్తారా? డైరెక్టరుగా రమ్మనే పిలిచి ఉంటారని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. "చూశారా, మా చిన్నాయన్ని కంపెనీవాళ్ళు పిలిచినారు" అని పోస్టుమానుతో అన్నాను. ఆయన సంచీ సర్దుకుంటూ, "అట్నా సార్!" అని కళ్ళు పెద్దవి చేశాడు. సాయంత్రం టీ అంగడిలో చెప్పాను. అక్క ఇంటికి వెళ్ళి అక్కకూ చెప్పాను.

అక్క సంగతి చెప్పాలి. బావ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆమెకున్నది మూడెకరాల మాగాణి, అదీ కాలువ చిట్టచివర. పైవాళ్ళంతా తడుపుకున్నాక మిగిలితే ఆమెకు నీళ్ళు. వరసగా రెండేళ్ళు మిగల్లేదు. పొట్ట మీదున్న మొలకొలుకుల వరి పైరు కళ్ళ ముందే ఎండిపోతే, గట్టు మీద కూర్చుని మాట్లాడకుండా చూసింది. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు. పొలం మూలన గుంటలో ఊట నీళ్ళు ఉండేవి. ఆయిల్ ఇంజను పెట్టి తోడితే మూడెకరాలూ తడుస్తాయి. ఇంజనూ, పంపూ, పైపులూ కలిపి మూడు వేల లోపు అవుతుందని నెల్లూరులో చెప్పారు. గేదెల పాలు అమ్మి, మెడలోది అమ్మి, సరిగ్గా మూడు వేలు మా పోస్టాఫీసు పాసుబుక్కులో వేసుకుంది. ఈ ఏడు కూడా పైరు పోతే పొలం కౌలుకిచ్చేసి, వేరేవాళ్ళ పొలంలో నాటుకు పోవడమే ఆమెకు మిగిలే దారి.

నేను కాల్ కబురు చెప్పిన రెండో రోజే చిన్నాయన అక్క ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, నా మాట విను. ఇంజన్లు కొనేవాళ్ళు ఎప్పుడూ కొనేవాళ్ళే. ఇంజన్లు చేసేవాళ్ళలో వాటా ఉంటే ఆ బతుకే వేరు. మద్రాసు కాడ కొత్త కంపెనీ. పది రూపాయల షేరు. నువ్వు నా బిడ్డవు గనక నాలుగు రూపాయలకే ఇస్తా. నీ కోసమని ఐదొందల షేర్లు తీసి పెట్టినా. రెండు వేలు. వచ్చే ఏటికి ఇంజనూ వస్తాది, నీ డబ్బూ నీకు మిగుల్తాది."

"పది రూపాయలది నాలుక్కే ఎందుకిస్తారు చిన్నాయనా?" అంది అక్క.

"బయటోళ్ళకైతే ఇస్తానా? ఈ వారంలోనే తేల్చెయ్యాల. నెల్లూరులో ఇద్దరు అడుగుతా ఉండారు."

అక్క నా వైపు చూసింది. నేను గొప్పగా తలూపాను. ఆ తలూపుడు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన వెళ్ళాక అక్క, "కంపెనీవాళ్ళే పిలిచినారంటే ఉత్త మనిషి కాదులేరా" అంది. ఆ మాట నాదే. నా నోట్లోంచి పోయి, ఆమె నోట్లోంచి నాకే తిరిగొచ్చింది. అప్పటికి అదే సాక్ష్యం అయిపోయింది.

మర్నాడు శుక్రవారం అక్క వచ్చి రెండు వేలు తీసుకునే ఫారం మీద సంతకం పెట్టింది. మా ఆఫీసులో అంత డబ్బు ఎప్పుడూ ఉండేది కాదు. నెల్లూరు హెడ్డాఫీసు నుంచి తెప్పించాలి. సోమవారం టపాలో వస్తుందని చెప్పాను. ఆ రెండు రోజుల ఆలస్యమే లేకపోతే నేను ఈ సంగతి ఇంత తీరిగ్గా రాస్తూ ఉండేవాణ్ణి కాదు.

ఆదివారం ఏదో పని మీద నెల్లూరు వెళ్ళి, మిషను స్కూల్లో నాకు లెక్కలు చెప్పిన మాస్టారి ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. చర్చి నుంచి వచ్చి, కోటు కొక్కేనికి తగిలించి, పడక కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు ఎప్పటినుంచో మద్రాసు కంపెనీల్లో కాసిని షేర్లు ఉన్నాయని నాకు తెలుసు. అందుకే, చెప్పక చెప్పక ఆయనకే గొప్పలు చెప్పాను. మా చిన్నాయన, ఇంజన్ల కంపెనీ, కాల్, పది రూపాయలది నాలుక్కే.

మాస్టారు నవ్వలేదు. "కాల్ లెటరా, కాల్ నోటీసా?" అన్నారు.

"రెండూ ఒకటే కదండీ."

"అయ్యో నాయనా" అని లేచి, ట్రంకు పెట్టెలోంచి ఒక షేరు కాగితం తీసి నా చేతిలో పెట్టారు. పూల అంచు వేసిన కాగితం, కింద ముద్ర, సంతకాలు. "ఇక్కడ చదువు. షేరు విలువ పది రూపాయలు. దాని పక్కన?"

చదివాను. ఇప్పటివరకు చెల్లించినది ఐదు రూపాయలు అని ఉంది.

"కొత్త కంపెనీలు పది రూపాయలూ ఒకేసారి తీసుకోవు. దరఖాస్తుతో రెండున్నర, షేరు కేటాయించినప్పుడు రెండున్నర. మిగతా ఐదు వాళ్ళకు అవసరమైనప్పుడు అడుగుతారు. అట్లా అడగడాన్నే కాల్ అంటారు. పిలిచేది మనిషిని కాదయ్యా, డబ్బును. మీ చిన్నాయనది కూడా ఇట్లాంటి కాగితమే అయితే, ఆయనకు వచ్చింది డబ్బు కట్టమని తాఖీదు."

మాస్టారు ఒక పక్క ఖాళీగా ఉన్న పాత పరీక్ష కాగితం తీసుకుని లెక్క వేశారు. అచ్చం క్లాసులో వేసినట్టే. పది రూపాయల్లో సగమే కట్టిన షేరును నాలుగుకి కొంటే, ఐదుది నాలుక్కి కొన్నట్టు. మిగతా ఐదూ కట్టాల్సిన పూచీ షేరుతో పాటే కొన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. ఐదొందల షేర్లకు ముందు రెండు వేలు. ఈ కాల్ రెండున్నర అయితే పన్నెండు వందల యాభై. రేపు ఇంకో కాల్ వస్తే మరో పన్నెండు వందల యాభై. మొత్తం నాలుగు వేల ఐదొందలు. కట్టలేకపోతే కంపెనీ ఆ షేర్లను రద్దు చేసుకుంటుంది, కట్టింది కూడా పోతుంది.

"మీ అక్క దగ్గర ఎంతుంది?"

"మూడు వేలు."

ఆయన పెన్సిలు కింద పెట్టేశారు. నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. "మా చిన్నాయన మోసం చేసే మనిషి కాదు మాస్టారూ" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఆయన సంగతి నేనేమన్నాను? కాగితం సంగతి మాట్లాడుతున్నాను. మంచివాడు చెప్పాడా చెడ్డవాడు చెప్పాడా అని చూసి షేరు పెరగదు, తరగదు. నాకు షేర్లు కొనిపెట్టే బ్రోకరు కూడా మంచివాడే. కానీ నేను కొన్నా అమ్మినా ఆయనకు కమీషను ముడుతుంది. అది గుర్తుపెట్టుకునే ఆయన మాట వింటాను. ఇంతకీ మీ చిన్నాయన ఆ షేర్లు ఇంకా కొంటున్నాడా, ఉన్నవి అమ్ముకుంటున్నాడా?"

చిన్నాయన అక్కతో అన్నది గుర్తు చేసుకున్నాను. 'తీసి పెట్టినా' అన్న మాటలో అది అమ్మకమని ఎక్కడా వినపడదు మరి.

మాస్టారు మూలనున్న పేపర్ల దొంతర దింపి, మద్రాసు మార్కెట్టు ధరలు వేసే పేజీ వెదికారు. ఆ కంపెనీ పేరు ఉంది. ఐదు రూపాయలు చెల్లించిన షేరు, మూడు రూపాయలకు అమ్మేవాళ్ళు ఉన్నారు. కొనేవాళ్ళ వైపు ఏమీ లేదు.

"బజారులో మూడుకి కొనే దిక్కు లేనిది మీ అక్కకు నాలుగుకి ఎందుకు?" అన్నారు. "కంపెనీవాళ్ళు ఏటేటా లెక్కల పుస్తకం అచ్చువేసి వాటాదారుకు పంపుతారు. అది అడుగు. ఒక్క ఇంజనైనా చేశారో, షెడ్డు గోడల దగ్గరే ఉన్నారో అందులో ఉంటుంది. ఇవన్నీ బాగానే ఉన్నాయనుకో, అప్పుడు కూడా ఒక మాట అడగాలి. ఈ రెండు వేలూ మొత్తం పోయినా మీ అక్క పొలం తడుస్తుందా? నేను షేర్లలో పెట్టింది పోతే ఇంట్లో పొయ్యి ఆగదు. ఆవిడకు అట్లా కాదే."

సాయంత్రం బస్సులో విడవలూరు చేరేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. నేరుగా అక్క ఇంటికే వెళ్ళాను. అక్క పెరట్లో కూర్చుని తడిగుడ్డ మూట విప్పుతోంది. విత్తనాల మొలక చూడటమది. నారు పొయ్యడానికి తెచ్చిన వడ్లలో లెక్కగా వంద గింజలు తీసి, తడిగుడ్డలో కట్టి, రెండు మూడు రోజులాగి ఎన్ని మొలిచాయో లెక్క పెడుతుంది. ఏ ఏడాదీ అది మానలేదు.

జరిగినదంతా చెప్పాను. కాల్ అంటే ఏమిటో కూడా చెప్పాను.

"నువ్వే గదరా చెప్పింది, కంపెనీవాళ్ళు పిలిచినారని!" అని లేచింది. "పోస్టుమాస్టరంట, పోస్టుమాస్టరు! చదువుకున్న తమ్ముడు చెప్పినాడు గదా అని, నేను ఇంకో మనిషిని అడక్కుండా సంతకం పెట్టినా. నీ నోరు పడిపోను!"

పడ్డాను. పడాల్సిందే. తిట్టడం అయిపోయాక మళ్ళీ కూర్చుని గింజలు లెక్కపెట్టసాగింది. ఎనభై దాటాక చెయ్యి ఆగిపోయింది.

"ఈ విత్తనాలు ఎవరిచ్చినవో తెలుసా?" అంది. "చిన్నాయన పంపించినాడు. ఆయన వడ్లే, ఆయన గాదెలోంచే వచ్చినాయి, అయినా మొలక కట్టినా. 'నా మీద నమ్మకం లేదా' అని ఆయన అనలా, నాకూ అనుమానం అనిపించలా. వంద గింజలకు చూసినదాన్ని, రెండు వేలకు చూడకపోతినే!"

నేను అక్కకు చెప్పాలని బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

సోమవారం పొద్దున డబ్బు టపాలో వచ్చింది. సంచీలోనే ఉంచి, అక్కతో కలిసి చిన్నాయన ఇంటికి వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. డబ్బు తెచ్చామనుకుని ముఖం వెలిగింది. పిన్నిని మజ్జిగ తెమ్మని కేకేశాడు.

అక్క నిలబడే అడిగింది. "చిన్నాయనా, ఆ కంపెనీవాళ్ళు పంపించిన ఉత్తరం ఒకసారి తమ్ముడి చేత చదివించుకుంటా. లెక్కల పుస్తకం కూడా ఉంటాదంటగా, అదీ చూస్తాం. ఇంకో మాట. మీరు ఇంకా కొంటా ఉండారా, మీవే అమ్మతా ఉండారా?"

ఆయన ముఖంలో నెత్తురు లేదు. తర్వాత ఎర్రబడింది. "ఏందమ్మాయ్, నన్ను దొంగను చేసినారే అక్కాతమ్ముళ్ళు! ఎత్తుకుని పెంచిన చేతులివి!"

"దొంగని ఎవరన్నారు? మీ వడ్లకు మొలక చూసినా, మీ కాగితానికీ చూస్తా ఉండా. అంతే."

పిన్ని మజ్జిగ గ్లాసులు అక్కడ పెట్టి లోపలికి పోయింది. చిన్నాయన జేబులోంచి ఆ ఉత్తరం తీసి నాకు అందించాడు. షేరుకు రెండున్నర చొప్పున ఫలానా తేదీలోగా కట్టాలి. మాస్టారు చెప్పింది చెప్పినట్టే ఉంది. లెక్కల పుస్తకం కూడా ఇచ్చాడు. దానికి అంటించిన కాగితం పట్టీ ఇంకా చించలేదు. నేనే చించాను. షెడ్డు సగం లేచింది. విదేశాల నుంచి రావాల్సిన యంత్రాలకు లైసెన్సు ఇంకా రాలేదు. ఒక్క ఇంజను కూడా తయారు కాలేదు.

"మీరూ చదవలేదా చిన్నాయనా?" అన్నాను.

"మా బామ్మర్ది చెప్పినాడు, కొన్నా. ఆయన మాట మీద నేను అడిగిందేముంది? ధాన్యం సొమ్మంతా దాంట్లో పోసినా. ఇప్పుడు కట్టమంటే యాడినుంచి తెచ్చేది?"

అక్క ఆయన పక్కనే కింద కూర్చుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇబ్బందిలో ఉండానమ్మా, ఒక ఐదొందలు సర్దు అంటే సర్దేదాన్ని గదా. షేరు అని ఎందుకు చెప్పినారు చిన్నాయనా?"

"అడిగితే నువ్వు ఇస్తావు. ఇంజను మానుకొని ఇస్తావు. ఆ అడగడమే నా చేత కాలా" అన్నాడు. కొంచెం ఆగి, "నీకు తమ్ముడుండాడు, ఎవరినో అడుక్కొచ్చినాడు. నేను కొన్ననాడు నన్ను ఒక్కడూ ఆపలేదు" అన్నాడు.

దారిలో అక్క నాతో ఒట్టు వేయించుకుంది, ఈ సంగతి ఎక్కడా అనొద్దని. ఆయన పరువు పోతుందని ఆమె భయం. నాకూ అదే మేలనిపించింది. నిజం చెప్పాలంటే, ఆయన పరువుతో పాటు నా పరువు కూడా అందులో ఉంది. డైరెక్టరని ఊరంతా చెప్పినవాణ్ణి ఏ ముఖం పెట్టుకుని కాదని చెప్పను? టీ అంగడిలో ఎవరైనా, "మీ చిన్నాయన మద్రాసు ఎప్పుడు పోతాడు?" అంటే, నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఆ నెలలోనే ఇంజను వచ్చింది. గుంట పక్కన దిమ్మె కట్టి బిగించారు. మొదటిసారి పైపులోంచి నీళ్ళు దూకినప్పుడు అక్క దోసిలి పట్టి, ఆ నీళ్ళే తాగింది. బురద నీళ్ళు తాగుతావేమే అని నేను అరుస్తుంటే నవ్వుతూనే ఉంది. ఆ ఏడు కాలువ చివర పండిన మొలకొలుకులు ఆమెవే.

పైరు పొట్టకొచ్చే రోజుల్లో ఒక పొద్దున టపా సంచీ విప్పాను. మద్రాసు నుంచి రిజిస్టరు ఉత్తరం. అదే కంపెనీ, అదే కవరు. చిన్నాయనకే అనుకుని, పేరు చూడకుండానే పక్కన పెట్టబోయాను. పేరు ఆయనది కాదు. మా పోస్టుమానుది.

ఆయన నా ముందే నిలబడి ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరు చేసుకుంటున్నాడు.

"ఇదేంది, మీ పేరు మీద?" అన్నాను.

ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. "మీకు చెప్పలేదు సార్. ఆ వారమే మీ చిన్నాయన గారి కాడ యాభై షేర్లు తీసుకున్నా. రెండొందలు. మా ఇంటిదానికి కూడా చెప్పలా. ఆయన్ని కంపెనీవాళ్ళే పిలిచినారని మీరు చెప్పినారు గదా, ఇంక ఆలోచించేదేముందిలే అనుకున్నా."

ఆయన కొన్నప్పటికి కాల్ కట్టాల్సిన గడువు దాటలేదు గనక కంపెనీవాళ్ళు ఆ యాభై ఆయన పేరున రాసుకున్నారు. కట్టమని తాఖీదు కూడా ఆయన పేరునే పంపారు. నేను అబద్ధాన్ని కౌంటరు ముందు నిలబడి గట్టిగా చెప్పాను. నిజం తెలిశాక, రోజూ నా ఎదురుగా నిలబడే మనిషికి కూడా చెప్పకుండా నోరు మూసుకున్నాను.

ఆయన చేతులు పంచెకు తుడుచుకుని, రసీదు మీద వంకర టింకరగా సంతకం చేసి, కవరు రెండు చేతులతో అందుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఎంతమందికో రిజిస్టరు ఉత్తరాలు అందించిన మనిషి, తన పేరు మీద వచ్చింది మాత్రం అదే మొదటిది. ఇంగ్లీషు రాదు గనక మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

"చదవండి సార్" అన్నాడు, ముఖమంతా సంతోషంతో. "నాకు కూడా కాల్ వచ్చిందా?"